పది పదిగా పలుచన: మిల్లీగ్రాము రంగును కొలిచే పద్ధతి

సోలాపూర్ తూర్పు భాగంలో తెలుగు వినబడని గల్లీ ఉండదు. తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ మగ్గాలు పెట్టుకున్నాయి. ఈ ఊరి చద్దర్లకూ టెర్రీ టవళ్లకూ భౌగోళిక గుర్తింపు ఉంది. మగ్గం మీద పనిచేసే తండ్రుల పిల్లలు ఇప్పుడు రంగు కార్ఖానాల్లో, వాటి పక్కనుండే చిన్న ల్యాబుల్లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. ఆ ల్యాబులో మొదటి వారంలోనే ఎదురయ్యే ఒక లెక్క గురించే ఈ అధ్యాయం.

కొనుగోలుదారు ఒక బిస్కెట్ రంగు గుడ్డముక్క పంపి, టవల్ నూలుకు సరిగ్గా ఇదే ఛాయ కావాలన్నాడనుకోండి. కార్ఖానాలో ముందు 5 గ్రాముల నూలు మీద రంగేసి చూస్తారు. దాన్నే ల్యాబ్ డిప్ అంటారు. ఇంత లేత రంగుకు నీలం ఎంత పడుతుంది? నూలు బరువు మీద 0.005 శాతం. అంటే 5 గ్రాముల నూలుకు పావు మిల్లీగ్రాము. మీ ముందున్న త్రాసు చూపే కనీస బరువు 0.01 గ్రాము, అంటే 10 మిల్లీగ్రాములు. మీకు కావలసింది అందులో నలభయ్యో వంతు. వేలికొనకు అంటిన పొడి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ త్రాసుతోనే ఆ పావు మిల్లీగ్రామును నమ్మకంగా తీసి పెట్టాలి.

దారి ఒకటే. త్రాసు నమ్మకంగా చూపగలిగినంత పెద్ద బరువు తూచి నీళ్లలో కరిగించాలి. ఆ నీళ్లలోంచి కొంత తీసి పలుచన చెయ్యాలి, ఆ పలుచనలోంచి మళ్లీ కొంత తీసి ఇంకోసారి పలుచన చెయ్యాలి. దీన్నే వరుస పలుచన అంటారు. చిన్న బరువును తూచడం మానేసి, పెద్ద బరువును భాగాలుగా పంచడమే ఇందులో జరిగేది.

మూడు సీసాలు

ఒక గ్రాము రంగు తూచండి. త్రాసు 0.01 గ్రాము అటూ ఇటూ చూపినా తప్పు ఒక శాతమే. దాన్ని కొంచెం చల్లని నీళ్లతో ముద్దలా కలపండి. తర్వాత డబ్బా మీద చెప్పినంత వేడినీళ్లు పోసి ఉండ లేకుండా కరిగించండి. మామూలు వేడికి చల్లారాక 100 మి.లీ. ఫ్లాస్కులోకి మార్చి, గీత దాకా నీళ్లు పోయండి. చల్లారకముందే గీత దాకా పోస్తే, వేడికి ఉబ్బిన నీళ్లు తర్వాత కుంచించుకుంటాయి. 60 డిగ్రీల నీళ్లు గది వేడికి దిగేసరికి ఒక శాతానికి పైగా తగ్గుతాయి. గీత కిందికి జారినప్పుడు ద్రావణం అంతమేర చిక్కబడినట్టే.

ఇది మొదటి సీసా. 100 మి.లీ.లో ఒక గ్రాము ఉంది కాబట్టి 1 శాతం ద్రావణం. ఇందులోంచి 10 మి.లీ. పిపెట్‌తో తీసి, ఇంకో 100 మి.లీ. ఫ్లాస్కులో పోసి, గీత దాకా నీళ్లతో నింపితే రెండో సీసా, 0.1 శాతం. అందులోంచి 10 మి.లీ. తీసి అలాగే చేస్తే మూడో సీసా, 0.01 శాతం.

నా సలహా ఒక్కటుంది, దీన్ని పట్టుగా చెబుతాను. సీసా మీద శాతం రాసి ఊరుకోవద్దు. ఒక్కో మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల రంగు ఉందో రాయండి. మొదటి సీసా మీద 10, రెండో దాని మీద 1, మూడో దాని మీద 0.1. ఒక గ్రాము అంటే 1000 మిల్లీగ్రాములు, అది 100 మి.లీ.లో ఉంది, కాబట్టి మి.లీ.కి 10. ప్రతి మెట్టూ పదో వంతు. ఈ అంకె సీసా మీద ఉంటే మిగతా లెక్కలన్నీ ఒక్క గుణకారానికో భాగహారానికో వచ్చేస్తాయి. శాతం మాత్రమే ఉంటే, నూలుకు పట్టే రంగు శాతమూ సీసాలోని ద్రావణం శాతమూ కలిసిపోయి తల తిరుగుతుంది.

ఆ గందరగోళం ఎక్కడ పుడుతుందో కాస్త ఆగి చూద్దాం. రంగు కార్ఖానాలో శాతం అనే మాట రెండు చోట్ల వాడతారు. రెసిపీలో ‘నీలం 0.005 శాతం’ అంటే నూలు బరువు మీద. 100 గ్రాముల నూలుకు 0.005 గ్రాముల రంగు. నీళ్లెన్ని అన్న ప్రశ్నే అక్కడ లేదు. సీసా మీద ‘0.01 శాతం’ అంటే ద్రావణంలో. 100 మి.లీ. ద్రావణంలో 0.01 గ్రాముల రంగు. నూలు సంగతి అక్కడ లేదు. రెండింటికీ గుర్తు ఒకటే కావడంతో కొత్తవాళ్లు రెండింటినీ నేరుగా పోల్చి, 0.005 అంటే 0.01లో సగమే కదా, కాబట్టి సీసా ద్రావణాన్ని సగానికి పలుచన చేస్తే చాలు అనుకుంటారు. ఇవి పోల్చే అంకెలే కావు. మధ్యలో మిల్లీగ్రాములను తెచ్చుకుంటేనే దారి దొరుకుతుంది.

ఎంత తీయాలి

బిస్కెట్ రంగు రెసిపీ ఇలా ఉందనుకుందాం. పసుపు 0.03 శాతం, ఎరుపు 0.01 శాతం, నీలం 0.005 శాతం. నూలు 5 గ్రాములు.

ముందు ఒక్కో రంగు ఎన్ని మిల్లీగ్రాములు కావాలో తేల్చుకోండి. 5 గ్రాములు అంటే 5000 మి.గ్రా. అందులో 0.03 శాతం అంటే 1.5 మి.గ్రా. పసుపు. అలాగే ఎరుపు 0.5 మి.గ్రా., నీలం 0.25 మి.గ్రా. తర్వాత ఏ సీసాలోంచి తీస్తారో ఆ సీసా మీది అంకెతో భాగించండి. మూడో సీసా అయితే 0.1తో. పసుపు 15 మి.లీ., ఎరుపు 5 మి.లీ., నీలం 2.5 మి.లీ.

ఈ రెండు మెట్లనూ ఒక్క సూత్రంలో రాయవచ్చు. తీయాల్సిన మి.లీ. = నూలు బరువు గ్రాముల్లో × రెసిపీ శాతం ÷ సీసా శాతం. నీలానికి 5 × 0.005 ÷ 0.01 = 2.5. సూత్రం తొందరగా పని కానిస్తుంది. కానీ అలవాటయ్యేదాకా మిల్లీగ్రాముల దారిలోనే వెళ్లండి. ఆ దారిలో తప్పు చేస్తే మధ్య అంకె వింతగా కనబడి మిమ్మల్ని ఆపుతుంది.

ఏ సీసా ఎంచుకోవాలన్నది కూడా లెక్కే. పిపెట్ మీద మీ కన్ను 0.05 మి.లీ. దాకా పొరబడవచ్చనుకుందాం. అది ఒక చుక్క. నీలాన్ని మూడో సీసాలోంచి 2.5 మి.లీ. తీస్తే ఆ చుక్క తప్పు 2 శాతం. రెండో సీసాలోంచి 0.25 మి.లీ. తీస్తే 20 శాతం. మొదటి సీసాలోంచి తీయాలంటే 0.025 మి.లీ. కావాలి, అంటే సగం చుక్క. తప్పే సరుకుకు రెట్టింపు అవుతుంది. తీసే పరిమాణం 2 మి.లీ. కంటే తగ్గేలా ఉంటే ఒక మెట్టు పలుచని సీసాకు వెళ్లండి. ముదురు రంగులకు మాత్రం మూడో సీసా పనికిరాదు. 2 శాతం మెరూన్‌కు 5 గ్రాముల నూలు మీద 100 మి.గ్రా. రంగు కావాలి. మూడో సీసాలోంచి తీస్తే ఒక లీటరు పోయాలి. మొదటి సీసాలోంచి అయితే 10 మి.లీ. చాలు.

రంగు తీశాక ఒక పని మిగిలి ఉంటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. మొత్తం బాత్ ఎంత ఉండాలి? నూలుకు ఇరవై రెట్ల నీళ్లు అని పెట్టుకుంటే 5 గ్రాములకు 100 మి.లీ. ఇది మొత్తం. నీళ్లు 100 పోసి, ఆపైన రంగు ద్రావణం పోయడం కాదు. మూడు రంగులూ కలిపి 22.5 మి.లీ. అయ్యాయి. ఉప్పు లీటరుకు 20 గ్రాముల లెక్కన 2 గ్రాములు కావాలి, 20 శాతం ఉప్పు ద్రావణంలోంచి 10 మి.లీ. సోడా లీటరుకు 5 గ్రాముల లెక్కన అర గ్రాము, 5 శాతం ద్రావణంలోంచి 10 మి.లీ. ఇవన్నీ తీసేస్తే నీళ్లు పోయాల్సింది 57.5 మి.లీ. మాత్రమే. ఇప్పుడు బాత్‌లో చివరి గాఢత చెప్పవచ్చు. పసుపు 1.5 మి.గ్రా. 100 మి.లీ.లో ఉంది, అంటే లీటరుకు 15 మి.గ్రా. ఎరుపు 5, నీలం 2.5.

నీళ్లు 100 పోసేసి ద్రావణాలను అదనంగా పోస్తే బాత్ 142.5 మి.లీ. అవుతుంది. రంగు మిల్లీగ్రాములు మారవు, కానీ ఉప్పు లీటరుకు 20 గ్రాముల నుంచి 14కు పడిపోతుంది. రియాక్టివ్ రంగును నూలు వైపు నెట్టేది ఆ ఉప్పే. సోడా కూడా అంతే పలచబడుతుంది. ఛాయ లేతగా వస్తుంది. రంగు తక్కువైందనుకుని మీరు రెసిపీ పెంచుతారు. అదే రెసిపీ పెద్ద మెషీన్‌కు వెళ్లేసరికి, అక్కడ ఉప్పు సరిగ్గా ఉంటుంది కాబట్టి, సరుకంతా ముదురుగా దిగుతుంది.

‘ఒకటికి పది’ అంటే

మాట తేడా వల్ల వచ్చే తప్పు ఒకటుంది. లెక్క ఎంత బాగా వచ్చినవాళ్లయినా ఇందులో పడతారు. పాత మేస్త్రీ “ఒకటికి పది చెయ్యరా” అంటాడు. కుర్రవాడు 10 మి.లీ. రంగు ద్రావణం తీసి, 100 మి.లీ. నీళ్లు కొలిచి కలుపుతాడు. మొత్తం 110 అయింది. మేస్త్రీ ఉద్దేశం మాత్రం మొత్తం 100 కావాలని.

ఒక్క మెట్టులో చూస్తే ఇది పెద్దగా కనబడదు. పదో వంతుకు బదులు పదకొండో వంతు వచ్చింది, 9 శాతం తక్కువ. కానీ పలుచన మెట్లు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. రెండు మెట్లలో వందో వంతుకు బదులు నూట ఇరవై ఒకటో వంతు, అంటే 17 శాతం తక్కువ. మూడు మెట్లలో వెయ్యో వంతు బదులు 1331వ వంతు, పావు భాగం ఎగిరిపోయింది. ప్రతి మెట్టులోనూ తప్పు ఒకే వైపుకు జరుగుతోంది కాబట్టి అది ఎక్కడా సర్దుకోదు.

కాబట్టి మాటల్లో ‘ఒకటికి పది’ అనకండి. “పది తీసి వందకు నింపు” అనండి. తీసింది ఎంత, చివరకు మొత్తం ఎంత, ఈ రెండూ ఉంటే పలుచన రెట్లు వాటంతట అవే వస్తాయి. మొత్తాన్ని తీసినదానితో భాగిస్తే చాలు. 5 తీసి 100కు నింపితే ఇరవై రెట్లు. 20 తీసి 100కు నింపితే అయిదు రెట్లు. ఈ రెండూ వరుసగా చేస్తే 20 × 5, వంద రెట్లు. మొదటి సీసా గాఢతను ఈ లబ్ధంతో భాగిస్తే చివరి గాఢత. ఎన్ని మెట్లున్నా, మెట్లు సమానంగా ఉన్నా లేకున్నా సూత్రం ఇంతే:

చివరి గాఢత = మొదటి గాఢత ÷ (మొదటి మెట్టు రెట్లు × రెండో మెట్టు రెట్లు × …)

రెట్లను గుణించాలి, కూడకూడదు. పది రెట్లు రెండుసార్లు చేస్తే ఇరవై రెట్లు అయిందనుకునే తప్పు, చేతిలో పని ఉన్న హడావిడిలో తరచూ జరుగుతుంది.

చుక్క చేసే చేటు

గాఢమైన ద్రావణం నుంచి పలుచని ద్రావణం వైపు వెళ్తున్నప్పుడు ప్రతి చుక్కకూ బరువు పెరుగుతుంది. మొదటి సీసాలో ముంచిన పిపెట్ బయట ఒక చుక్క అంటుకుని ఉంది, దాన్ని తుడవకుండా మూడో సీసాలో ముంచారు. ఆ చుక్క 0.05 మి.లీ., మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున అందులో అర మిల్లీగ్రాము రంగుంది. మూడో సీసా మొత్తంలో ఉండేదే 10 మి.గ్రా. అంటే ఒక్క చుక్కతో సీసా 5 శాతం చిక్కబడింది. నాలుగో మెట్టు సీసా, అంటే 0.001 శాతం ద్రావణం, ఉంటే అందులో మొత్తం రంగు 1 మి.గ్రా. అదే చుక్క దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది.

అందుకే ఒక్కో సీసాకు ఒక్కో పిపెట్. అన్ని లేకపోతే పలుచని సీసా నుంచి మొదలుపెట్టి గాఢమైన సీసా వైపు వెళ్లండి. పిపెట్ బయటి భాగాన్ని టిష్యూతో తుడవండి, తీయబోయే ద్రావణంతోనే లోపల ఒకసారి కడిగి ఆ కడిగింది పారబోయండి. నోటితో పీల్చవద్దు, రబ్బరు బల్బు వాడండి.

ముదురు ద్రావణంలో ఇంకో చిక్కు. నీళ్లయితే పిపెట్‌లో వంపు అడుగు గీతకు తగలాలని చదువుకున్నాం. ముదురు నీలంలో ఆ అడుగు కనబడదు. అలాంటప్పుడు పై అంచును గీతకు పట్టించండి. ఎప్పుడూ అలాగే పట్టించండి, ఈరోజు పై అంచు, రేపు అడుగు అని మార్చకండి.

కలపడం కూడా కొలవడమంత పనే. గాఢమైన ద్రావణం బరువుగా ఉండి ఫ్లాస్కు అడుగుకు చేరుతుంది. పైన లేత నీళ్లుంటాయి. గీత దాకా పోశాక మూత పెట్టి, తలకిందులు చేసి, మెడలోని గాలి బుడగ అడుగు దాకా వెళ్లొచ్చేలా పదిసార్లకు తక్కువ కాకుండా తిప్పండి. రెండుసార్లు ఊపి వదిలేస్తే, తర్వాతి మెట్టుకు మీరు తీసే 10 మి.లీ. పైభాగం నుంచి వస్తే లేతగా, అడుగు నుంచి వస్తే ముదురుగా ఉంటుంది. అప్పుడు లెక్క ఎంత సరైనదైనా సీసా మీద రాసిన అంకె అబద్ధమవుతుంది.

సీసాలు సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? రెండు పరీక్షలు చెబుతాను. మొదటిది, మొదటి సీసాలోంచి 1 మి.లీ. తీసి నేరుగా 100కు నింపండి. రెండు మెట్లలో వచ్చిన మూడో సీసా కూడా ఇదే గాఢతలో ఉండాలి. రెండింటినీ ఒకే సైజు పరీక్షనాళికల్లో సమానంగా పోసి, తెల్లకాగితం మీద నిలబెట్టి పైనుంచి చూడండి. తేడా కనబడితే ఏదో ఒక మెట్టులో తప్పుంది. రెండోది, నూలు మీద పరీక్ష. ఒకే రంగును 5 గ్రాముల నూలు మీద, ఒకసారి రెండో సీసాలోంచి 5 మి.లీ., ఇంకోసారి మూడో సీసాలోంచి 50 మి.లీ. పోసి వేయండి. మొత్తం బాత్ రెండింటిలోనూ 100కే నింపండి. రెండింటిలోనూ రంగు 5 మి.గ్రా. ఎండాక రెండు చిలపలూ ఒకే ఛాయలో ఉంటే సీసాల వరుస నిఖార్సుగా ఉన్నట్టు.

లెక్క చెప్పలేని సంగతులు

రియాక్టివ్ రంగుల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ రంగులు సోడా తగిలితే నూలుతో బంధం వేసుకుంటాయి. నూలు లేకపోతే నీళ్లతోనే బంధం వేసుకుంటాయి. నీళ్లతో కలిసిపోయిన రంగు ఇక నూలును పట్టదు. కానీ సీసాలో చూస్తే రంగు దాదాపు అలాగే కనిపిస్తుంది. మి.లీ.కి 10 మి.గ్రా. అన్న అంకె కాగితం మీద నిజమే, అందులో పని చేసే భాగం మాత్రం తగ్గిపోయింది. సోడా లేకపోయినా ఈ నష్టం మెల్లగా సాగుతూనే ఉంటుంది. సీసాల్లో సోడా ఎప్పుడూ కలపకండి. సోడా తీసిన పిపెట్‌ను వాటిలో ముంచకండి. ద్రావణాలను ఏ రోజుకారోజు చేసుకోండి, సీసా మీద తేదీతో పాటు వేళ కూడా రాయండి. సీసాలకు వీలైతే డిస్టిల్డ్ వాటర్ వాడండి. గట్టి బోరు నీళ్లలో కొన్ని రంగులు సరిగ్గా కరగక సన్నని మడ్డిగా దిగుతాయి, అప్పుడు పైనుంచి తీసిన ద్రావణంలో రంగు తక్కువ వస్తుంది.

వ్యాట్ రంగులకు ఈ మూడు సీసాల పద్ధతిని ఇలాగే వాడకూడదు. అవి నీళ్లలో కరగవు. కాస్టిక్, హైడ్రోస్ కలిపితేనే కరిగే రూపానికి వస్తాయి. అలా కరిగిన దాన్ని మామూలు నీళ్లతో పలుచన చేస్తే, గాలి తగిలి మళ్లీ కరగని పొడిగా మారిపోతుంది. పలుచన చేసే నీళ్లలో కూడా కాస్టిక్, హైడ్రోస్ ఉండాలి, వెంటనే వాడెయ్యాలి.

ఇక ల్యాబు నుంచి మెషీన్‌కు. 5 గ్రాములకు కుదిరిన బిస్కెట్ రంగును 60 కిలోల నూలుకు వేయాలి. ఇక్కడ మిల్లీలీటర్లను పెంచకండి, రెసిపీ శాతాన్ని తీసుకెళ్లండి. పసుపు 18 గ్రాములు, ఎరుపు 6 గ్రాములు, నీలం 3 గ్రాములు. కార్ఖానాలో పెద్ద త్రాసు ఒక గ్రాము చొప్పున చూపిస్తే 3 గ్రాముల నీలం తూచడంలో మూడో వంతు దాకా తప్పు రావచ్చు. ల్యాబులో త్రాసుకు వచ్చిన కష్టమే ఇక్కడా వచ్చింది, పద్ధతీ అదే. 20 గ్రాముల నీలం తూచి 2 లీటర్లకు కరిగించండి. ఒక గ్రాము అటూ ఇటూ అయినా తప్పు 5 శాతం. ద్రావణం మి.లీ.కి 10 మి.గ్రా. అందులోంచి 300 మి.లీ. కొలిచి పోస్తే 3 గ్రాములు. మిగిలిన 1700 మి.లీ.తో అదే రోజు మిగతా లాట్లు వేసుకోండి. అన్ని లాట్లూ ఒకే ద్రావణం నుంచి వస్తాయి కాబట్టి వాటి మధ్య ఛాయ తేడా కూడా తగ్గుతుంది. నా మటుకు, రోజూ లేత రంగులు వేసే చోట 0.1 గ్రాము చూపే త్రాసు కొనడమే మేలు. ఇది లేనప్పటి దారి.

మోరీలోకి పోయే రంగెంత

పలుచన వరుసతో ఇంకో పని కూడా చేయవచ్చు. రంగేశాక బాత్‌లో మిగిలిన నీళ్లలో ఎంత రంగుందో యంత్రం లేకుండా అంచనా వేయవచ్చు. దీనికి పది రెట్ల మెట్లు చాలా దూరం దూరంగా ఉంటాయి, సగం సగం చేసుకుంటూ వెళ్లాలి.

2 శాతం మెరూన్‌ను నూలుకు పది రెట్ల నీళ్లలో వేశారనుకుందాం, ఒకే రంగుతో. కిలో నూలుకు 20 గ్రాముల రంగు, 10 లీటర్ల నీళ్లు. మొదట్లో లీటరుకు 2000 మి.గ్రా. అదే మెరూన్ మూడో సీసా, 0.01 శాతం, అంటే లీటరుకు 100 మి.గ్రా. తీసుకోండి. అయిదు పరీక్షనాళికలు పెట్టండి. మొదటి దాంట్లో ఆ ద్రావణం 10 మి.లీ., మిగతా నాలుగింటిలో నీళ్లు 5 మి.లీ. చొప్పున. మొదటి దాంట్లోంచి 5 తీసి రెండో దాంట్లో పోసి బాగా కలపండి. అందులోంచి 5 తీసి మూడో దాంట్లోకి. చివరి నాళికలోంచి 5 మి.లీ. పారబోస్తే అన్నింటిలోనూ 5 మి.లీ. మిగులుతుంది. ఇప్పుడు వరుస 100, 50, 25, 12.5, 6.25.

మిగిలిన బాత్ నీళ్లు చల్లారాక 5 మి.లీ. తీసి 100కు నింపండి, ఇరవై రెట్ల పలుచన. పలుచన చేయకుండా పోల్చవద్దు. ముదురు ద్రావణాలన్నీ కంటికి ఒకేలా నల్లగా కనిపిస్తాయి, తేడా లేత ద్రావణాల్లోనే తెలుస్తుంది. పలుచన చేసిన దాంట్లో 5 మి.లీ.ను అదే సైజు నాళికలో పోసి, తెల్లకాగితం మీద పైనుంచి వరుసతో పోల్చండి. అది 25 దానితో కలిసిందనుకుందాం. దాన్ని ఇరవైతో గుణిస్తే లీటరుకు 500 మి.గ్రా. మొదట వేసిన 2000లో పావు భాగం. 60 కిలోల లాటుకు వేసిన 1200 గ్రాముల్లో సుమారు 300 గ్రాముల రంగు నూలెక్కకుండా నీళ్లలోనే ఉండిపోయింది. సబ్బు కడుగుడులో ఊడి వచ్చేది దీనికి అదనం.

ఈ వరుసకు ఒక హద్దుంది. 25కూ 50కీ మధ్య ఎక్కడున్నా అది చెప్పలేదు. అప్పుడు ఆ రెండు నాళికల నుంచి సమానంగా తీసి కలపండి, 37.5 వస్తుంది, దానితో పోల్చండి. ఇంకో హద్దు, రెండు మూడు రంగులు కలిపిన బాత్‌కు ఈ పద్ధతి పనికిరాదు. ఒక్కో రంగు ఒక్కోలా నూలెక్కుతుంది కాబట్టి మిగిలిన నీళ్ల ఛాయే మారిపోతుంది. దానికి స్పెక్ట్రోఫోటోమీటర్ ఉండాలి.

ఒకే రంగుతో వేసే ముదురు లాట్లకు మాత్రం ఈ పరీక్షకు కావలసింది అయిదు నాళికలు, ఒక పిపెట్, ఒక తెల్లకాగితం. బాత్ వదిలేముందు ఒక చిన్న సీసాడు నీళ్లు పట్టి ఉంచండి. లాటు పుస్తకంలో ఉప్పు, సోడా, వేడి రాసే గడుల పక్కన ఇంకో గడి గీసి, బాత్‌లో మిగిలిన రంగు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయండి. అదే మెరూన్ మళ్లీ వేసినప్పుడు ఆ అంకె 500 నుంచి 700కు ఎక్కితే, నూలు మెషీన్ దిగకముందే ఉప్పు, సోడా, వేడి ఈ మూడింటినీ తిరిగి చూసుకోండి.